విప్పపూల నాటి పుట్టినరోజు

తమ్ముడూ, పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇంకా మార్చి దాటలేదు, అన్నకు తొందరెక్కువ అని నవ్వుకోకు. ఫేస్‌బుక్ నాకు జూలై 1న గుర్తుచేస్తుంది. ఆ తేదీ ఎలా వచ్చిందో నువ్వే చెప్పావు. బళ్లో వేసిన రోజున మాస్టారు నిన్ను ఎగాదిగా చూసి, వయసు అంచనా కట్టి, రిజిస్టరులో రాసేశారట. మా వైపు కూడా పాతతరం వాళ్లలో జూన్, జూలైల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. బళ్లు తెరిచేనాటికి అయిదేళ్లు నిండినట్టు కాగితం మీద ఉండాలి కదా! ఆ తారీఖే నీ మార్కుల జాబితాకెక్కింది, ఆధార్‌కెక్కింది, చివరికి నా ఫోన్‌కీ వచ్చింది.

మీ అమ్మ లెక్క వేరు. తెల్లారగట్ల విప్పపూలు ఏరుకునే రోజుల్లో పుట్టావంటుంది. నిన్ను కన్నామె దగ్గర తేదీ లేదు. ఆ పూట నీ ఛాయలకైనా రాని ఆఫీసు దగ్గర మాత్రం రోజుతో సహా ఉంది. తేదీ అనేది మనిషిని ఎరగనివాళ్లకు కావలసిన వస్తువనిపిస్తుంది నాకు. ఆ లెక్కన నేనూ రిజిస్టరు పక్షమే. నీ ఎత్తెంతో తెలియదు, నడక ఎలా ఉంటుందో తెలియదు. తెలిసినదల్లా నీ గొంతు, దాని వెనక కోడికూత, కోంటా రోడ్డు మీద లారీ హారను. అయినా మీ అమ్మ పక్షానే ఉంటాను.

మీ ఎర్రబోరు పేరు నేను మొదట విన్నది 2006 జూలైలో. 17వ తేదీన మీ ఊరి శిబిరం మీద మావోయిస్టుల దాడి, ముప్పై మందికి పైగా మరణం. ఊరంటే నాకు ఆ వార్తే. నువ్వెప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఎదురుగా కూర్చుంటే ముఖం చూసి అడగొచ్చో లేదో తెలుస్తుంది. ఫోన్‌లో ఆ వీలు లేదు, కాబట్టి అడగకపోవడమే మర్యాద. జూలైలో నీకు సంబరం చెప్పడానికి నాకు నోరు రాకపోవడానికి అదీ ఒక కారణం.

ఇదంతా కాగితం మీద రాసుకుని, చదివి రికార్డు చేసి పంపుతున్నాను. నువ్వు చదివింది హిందీ బడి, తెలుగు నీకు నోటికే గానీ కంటికి రాదు. పూలకని లోపలి ఊళ్లకు వెళితే సిగ్నల్ ఉండదు, నా వాయిస్ ఒక్క టిక్కు మీదే ఆగుతుంది. వాట్సాప్ దాన్ని ముప్పై రోజులు దాచి, అప్పటికీ చేరకపోతే తీసేస్తుంది. అందుకే నువ్వు బయలుదేరకముందే పంపడం.

ఒక్క పని చేసిపెట్టు. నువ్వు పుట్టింది పూలు రాలడం మొదలైనప్పుడా, అయిపోవచ్చినప్పుడా? అమ్మను అడిగి వాయిస్ పెట్టు. వచ్చే ఏడు ఆ వారమే చెబుతాను.