బావను బండి అడగాలంటే

పత్తి ఏరేటప్పుడు రెండు రోజులకని చెల్లె మొగుడు తీసుకుపోయిన బండి, యాసంగి కోతలు అయిపోయినా రాదు. మా జఫర్‌గఢ్ దిక్కు ఊళ్లలో ఇది ఏ ఇంట్లోనైనా జరిగేదే. దోస్తునైతే వారానికే అడుగుతాం. బావను అడగాలంటే నోరు రాదు. మాట ఆయనతో అన్నా, బాధ పడేది ఆడబిడ్డ. ‘మీ అన్న బండి కోసం అడిగిండట’ అన్న మాట అత్తింట్లో ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే అమ్మ, “పోనీయ్ బిడ్డా, చెల్లె ఇంట్ల ఉంటే మనింట్ల ఉన్నట్టే” అంటుంది.

అమ్మ మాటలో ఉన్నది ప్రేమే. అయితే అడగకుండా ఊరుకుంటే చెల్లెకు నిజంగా మేలు జరుగుతుందా? నాకైతే కీడే కనిపిస్తుంది. ఎందుకో ఒక కేసు చూస్తే తెలుస్తుంది.

కర్ణాటకలో ఒకాయన, అడిగి తెచ్చుకున్న మోటార్ సైకిల్ మీద సొంతూరికి పోతున్నాడు. ముందు పోతున్న ఎడ్లబండి ఉన్నట్టుండి ఆగింది. దాన్ని గుద్దుకొని చనిపోయాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. బండి అడిగి తెచ్చుకొని నడిపేవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టేనని, కాబట్టి తప్పెవరిదో రుజువు చేయకుండానే పరిహారం ఇచ్చే సెక్షన్ ఆ కుటుంబానికి వర్తించదని 2009లో కోర్టు తేల్చింది. వేరే సెక్షన్ కింద ఏమైనా వస్తుందేమో చూడమని హైకోర్టుకు తిప్పి పంపింది. మనిషి పోయి దాదాపు తొమ్మిదేళ్లయినా భార్యకు కోర్టు మెట్లు తప్పలేదు.

బీమాలో యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద రక్షణ కూడా ఆర్సీలో పేరుండి, లైసెన్సుతో తానే నడిపినవాడికే. బండి నా పేరున ఉంటే బావకు అది రాదు. ఆయన ఇంకెవరినైనా గుద్దితే దావాలో నా పేరూ ఉంటుంది. బీమా గడువు దాటిన సంగతి ఇద్దరిలో ఎవరూ చూసుకోకపోతే, ఆ సొమ్ము మేమే కట్టుకోవాలి. నెలల తరబడి బయట ఉన్న బండికి జరిగేది సరిగ్గా ఇదే. నడిపేవాడు ఒకడు, కాగితాలు ఉన్నవాడు ఇంకొకడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పని తీరగానే అరువు వస్తువును అడిగించుకోకుండా తిరిగి ఇవ్వాలి. బావతో ఆ చట్టం మాట్లాడితే చుట్టరికం చెడుతుంది. బీమా సంగతి మాత్రం మాట్లాడొచ్చు, ఎందుకంటే అది ఆయన ప్రాణానికి, మా చెల్లె బతుకుకు సంబంధించింది.

దావత్‌లో నలుగురి ముందు కాదు, చెల్లెతో కబురు పెట్టీ కాదు. పొద్దున్నే ఆయన ఇంటికి పోయి, ఆయనతోనే అనాలి: “బావా, బండి నా పేరు మీద ఉంది. నీకేమన్న అయితే ఈ బండి బీమాల యజమానికొచ్చే సొమ్ము చెల్లెకు రాదు. ఇయ్యాల నేను తీసుకపోత. నీకు కావాలంటే ధర మాట్లాడుకొని నీ పేరు మీద రాయించుకుందాం.” ఉంచుకుంటానంటే 29, 30 నంబరు ఫారాలు, బీమా బదిలీ ఆ వారంలోనే కానివ్వాలి. ఇస్తానంటే తాళంచెవితో పాటు ఆర్సీ, బీమా కాగితాలూ అడిగి తీసుకోవాలి.

బావ చేతిలో మీ బండి ఉంటే, ఇవాళే దాని బీమా గడువు తేదీ చూడండి. చూసినాక అడగడానికి మొహమాటపడకండి.