తాళం ఎవరి దగ్గర?

శీనూ,

మన రామాలయం ట్రస్టుకి నియమావళి రాసే పని నీకు అప్పజెప్పారట, సంతోషం. నువ్వు పంపిన ముసాయిదా చదివాను. భాష గంభీరంగానే ఉంది నాన్నా, కానీ అందులో మనుషులు కనపడలేదు.

అన్నీ చెప్పను, హుండీ నియమం ఒక్కటే తీసుకుంటాను. నువ్వు రాసింది ఇదీ: "హుండీ ఆదాయము ఎప్పటికప్పుడు లెక్కింపబడి బ్యాంకులో జమచేయబడును." ఎవరు లెక్కిస్తారు? ఎప్పటికప్పుడంటే ఎప్పుడు? నేను కోశాధికారిగా చేసిన ఒక గుడిలో అచ్చం ఇలాంటి వాక్యమే ఉండేది. అయిదు నెలలు హుండీ తెరవలేదు. అడిగితే ఎవరికి వాళ్లు అది తమ పని కాదన్నారు, నిజానికి ఎవరూ అబద్ధమాడలేదు. "బడును" అని రాసినచోటల్లా బాధ్యత ఎవరికీ లేకుండా పోతుంది.

దాన్ని ఇలా మార్చు: "ప్రతి నెల మొదటి ఆదివారం ఉదయం 9 గంటలకు కోశాధికారి హుండీ తెరిపించవలెను. ఇద్దరు ధర్మకర్తలు, ధర్మకర్తలతో బంధుత్వం లేని ఇద్దరు భక్తులు హాజరై ఉండవలెను. నలుగురూ రానిచో ఆ రోజు హుండీ తెరవరాదు. మరుసటి ఆదివారం తెరవవలెను." హుండీకి రెండు తాళాలు, ఒక చెవి అధ్యక్షుడి దగ్గర, రెండోది కోశాధికారి దగ్గర అనీ రాయి. "వలెను", "వచ్చును", "రాదు" ఈ మూడింటినీ కలిపేయకు. తప్పనిసరి పనికి "వచ్చును" అని రాశావంటే, చేయనివాణ్ణి రేపు ఏమీ అనలేవు.

లెక్క సంగతి కూడా అంత వివరంగానే ఉండాలి. పసుపు కుంకుమలు అంటుకున్న నోట్లు, చిరిగినవి, చిల్లర గుట్ట, మధ్యలో ఎవరి మొక్కుదో ఓ ఉంగరం. నోట్లు రకాలవారీగా ఎన్నున్నాయో పంచనామా కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టాలి. ఉంగరాన్ని "బంగారు ఉంగరం" అని రాయనివ్వకు. "పసుపురంగు లోహపు ఉంగరం, తూకం ఇంత" అని రాయించు. అది బంగారమో గిల్టో పరీక్ష చేయించాక తేలుతుంది. ముందే బంగారమని రాసేసి, రేపు గిల్టని తేలితే, మార్చేశారన్న నింద ఆ నలుగురి మీద పడుతుంది.

డబ్బు మరుసటి బ్యాంకు పనిదినాన జమ కావాలి, చలానా పంచనామాకి అంటించాలి. "జమచేయకముందు హుండీ సొమ్ములోనుండి ఏ ఖర్చూ చేయరాదు" అన్న వాక్యం మరిచిపోకు. పూలవాడికి బాకీ ఉందని అక్కడికక్కడే ఆరువందలు తీసి ఇవ్వడం మన గుళ్లలో మామూలే, అందులో దొంగతనమూ లేదు. కానీ ఆ రోజు నుంచీ పంచనామా అంకె, చలానా అంకె ఒకటి కావు. ఆ రెండూ రూపాయితో సహా కలవాలి, తనిఖీకి వచ్చినవాడు మొదట చూసేది అదే. చిల్లరను బ్యాంకు ఒకేసారి తీసుకోకపోవచ్చు, కాబట్టి అది ఎంతుందో పంచనామాలో వేరే పద్దుగా చూపించి, సంచి కట్టి సీలు వేసే వీలు ఇవ్వు. నలుగురూ కలిసిపోతే మాత్రం ఈ నియమం ఆపలేదు. అందుకే ఆ భక్తులిద్దరినీ ప్రతి నెలా మార్చాలని రాయి.

ఇంకొకటి. "బంధువులకు ట్రస్టు పనులు ఇవ్వరాదు" అన్నావు. మన ఊళ్లో బంధువు కానిదెవరు? ఇంగ్లీషు నమూనా చూసి రాసినట్టున్నావు, అందులో వియ్యంకుడు ఉండడు. మండపానికి టెంట్లు వేసేది ధర్మకర్త వియ్యంకుడే అయ్యుంటాడు! భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, బావమరుదులు, మేనల్లుళ్లు, వియ్యంకులు, వ్యాపార భాగస్వాములు అని పేరుపేరునా రాయి. ఊళ్లో ఆ పని చేసేవాడు అతనొక్కడే అయితే? ఆ ధర్మకర్త సంబంధం ముందే చెప్పి, చర్చప్పుడు గదిలోంచి బయటికి వెళ్లవలెను, ఓటు వేయరాదు. ఆయన వెళ్లిన సంగతి మినిట్స్‌లో రాయవలెను. ఇంతకు మించి నిషేధిస్తే ఉత్సవం జరగదు.

మన ట్రస్టు డీడు, 1987 దేవాదాయ చట్టం దగ్గర పెట్టుకుని ఒక్కో నియమం సరిచూడు. వాటికి ఎదురెళ్లే నియమం చెల్లదు, ధర్మకర్తలందరూ సమ్మతించినా సరే.

అంతా అయ్యాక అర్చకస్వామికీ, వాచ్‌మన్‌కీ పైకి చదివి వినిపించు. విన్నాక వాచ్‌మన్, "మరి కోశాధికారి గారు ఊళ్లో లేకపోతే ఆ చెవి ఎవరి దగ్గరుంటుందండీ?" అని అడిగాడనుకో, అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. రాసి మళ్లీ పంపు.

నీ పెదనాన్న