యంత్రానికి అనుమానం, మనిషికి అవమానం

2024 దీపావళికి వారం ముందు, హోసూరు వైపు ఒక బ్యాంకు శాఖలో నా బల్ల ముందుకొక మహిళ వచ్చి నిలబడింది. ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముకునే మనిషి. ఆమె ఖాతా నుంచి డబ్బు బయటకు పోకుండా ఆగిపోయింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, పోలీసు నోటీసూ లేదు. తెల్లవారుజామున కంప్యూటరే ఆపేసింది.

ఎందుకు ఆపిందో లెక్కలు చూస్తే నాకర్థమైంది. నాలుగేళ్లుగా నెలకు పది పదిహేను లావాదేవీలకు మించని ఖాతా అది. మూడు రోజుల్లో దానిలోకి 132 మంది మూడు వందలు, ఐదు వందలు, తొమ్మిది వందల చొప్పున వేశారు. దాదాపు అందరూ ఆ ఖాతాకు కొత్తవాళ్లే. వచ్చిన డబ్బు ఏ రోజుకారోజు సాయంత్రానికే వెళ్లిపోయింది. పైగా ఆమె వాడుతున్నది కొడుకు కొనిపెట్టిన కొత్త ఫోను.

దొంగసొమ్ము మోసే ఖాతా కూడా అచ్చంగా ఇలాగే నడుస్తుంది. మోసగాడు తన పేరున డబ్బు తీసుకోడు. ఎవరి ఖాతానో అద్దెకు తీసుకుంటాడు. నిద్రపోతున్న ఖాతా ఒక్కసారిగా మేలుకుంటుంది. ముఖం తెలియనివాళ్లు డబ్బు వేస్తారు, కాసేపట్లో అది మరో ఖాతాకు, అక్కడినుంచి ఇంకో దానికి పోతుంది. యూపీఐ వచ్చాక ఇదంతా నిమిషాల పని. మనిషి కాగితాలు చూసి నిర్ణయించేసరికి మిగిలేది సున్నా. అందుకే ఆపే పని యంత్రానికి అప్పగించారు. అది తప్పని నేననను. పోగొట్టుకున్నవాళ్ల ఏడుపు కూడా ఈ బల్ల దగ్గరే విన్నాను.

కానీ ఇక్కడొక లెక్క ఉంది. లక్ష ఖాతాల్లో వంద దొంగవి అనుకుందాం. యంత్రం చాలా మంచిది, వందలో 95 పట్టేస్తుంది, నిజాయితీపరుల్లో నూటికి ఒక్కరి విషయంలోనే పొరబడుతుంది అనుకుందాం. మంచి ఖాతాలు 99,900 కనుక ఆ నూటికొకటే 999 అవుతుంది. పట్టుబడినవి మొత్తం 1,094. వాటిలో నిజమైన దొంగలు 95, అంటే నూటికి తొమ్మిది కూడా లేరు. యంత్రం చెడ్డదని కాదు, లోకంలో దొంగలు తక్కువ గనుక ఇలా జరుగుతుంది. నిబంధన సడలిస్తే అమాయకులతోపాటు దొంగలూ తప్పించుకుంటారు. ఎక్కడ గీత గీసినా ఎవరో ఒకరు నష్టపోవలసిందే.

కాబట్టి నా ప్రశ్న యంత్రం ఎందుకు పొరబడిందని కాదు. ఆ పొరపాటు బరువు ఎవరు మోయాలని. అనుమానం వస్తే ఆపడం ఒకటి, దోషిగా చూడడం మరొకటి. మొదటిది నిమిషాల్లో జరగాలి, నిజమే. అయితే రెండోది జరగకుండా ఉండాలంటే ఆపిన వెంటనే ఒక మనిషి చూడాలి. ఆమె డబ్బు వెళ్లింది ఒక నూనె దుకాణానికి, ఒక జీడిపప్పు వర్తకుడికి. ఇద్దరితోనూ ఏళ్ల తరబడి ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. డబ్బు వేసిన 132 మందిలో ఒక్కరూ మోసపోయామనలేదు. పైగా పండుగ వారం. ఇది గ్రహించడానికి నాకు అరగంట పట్టింది. కానీ తెరిచే అధికారం నా శాఖకు లేదు. కాగితాలు కేంద్ర కార్యాలయానికి పోయి, వరుసలో కూర్చుని, ఆరో రోజుకు ఖాతా తెరుచుకుంది. అప్పటికి సరుకు అరువివ్వమని వర్తకులు చెప్పారు, సగం ఆర్డర్లు పోయాయి.

కారణం పూర్తిగా చెబితే దొంగలు నిబంధన నేర్చుకుంటారని మావాళ్ల వాదన. అందులో నిజముంది. అయినా ఏ కాగితం తెస్తే చాలో, ఎన్ని రోజుల్లో తేలుతుందో, ఎవరిని అడగాలో చెప్పడానికి ఏ రహస్యమూ అడ్డు రాదు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు, అప్పు ఖాతాను మోసపు ఖాతాగా ప్రకటించేముందు ఆ అప్పుదారు మాట వినాలని తీర్పు చెప్పింది. అది పెద్ద అప్పులవాళ్లు తెచ్చుకున్న న్యాయం. అత్యవసరంగా ఆపే చోట ముందు వినడం కుదరకపోవచ్చు. వెనువెంటనే వినడమైనా కుదరాలి కదా.

ఆ రోజు నేను ఆమెతో, "సిస్టమ్ ఆపిందమ్మా" అన్నాను. ఆమె నావైపు చూసి, "మీ మిషనుకు నేను దొంగ మాదిరి కనబడితిని, సరే. మీకూ అట్లే కనబడితినా అన్నా?" అంది.

లేదని చెప్పాను. కానీ ఆ మాట రాసి సంతకం పెట్టవలసిన చోటు మా ఫారంలో ఎక్కడా లేదు.