పులుసులో నిమ్మరసం

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పచ్చి తోటకూరలో కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటుతుంది. మునగాకూ ఇంచుమించు అంతే, మెంతికూర కొంచెం తక్కువ. ఇనుము మూడింటిలోనూ నాలుగు నుంచి ఆరు మిల్లీగ్రాముల మధ్య.

అయితే తోటకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఒంటికి పట్టేది కొంతే. ఉడికించి నీళ్లు వార్చేస్తే ఆక్సలేట్లు తగ్గుతాయి, వాటితోపాటు విటమిన్ సి కూడా పోతుంది. ఆకుకూర ఇనుము ఒంటబట్టడానికి కావలసింది ఆ విటమినే. పులుసులో వేసే చింతపండులో అది నామమాత్రం. పులుసు దించి, కాస్త చల్లారాక నిమ్మకాయ పిండండి. అన్నం తినగానే టీ తాగితే మాత్రం ఇనుముకు అడ్డే, గంట ఆగండి. రక్తహీనత ఉన్నవాళ్లు కూరను నమ్ముకుని డాక్టరిచ్చిన ఐరన్ మాత్ర మానకూడదు.