మందకంతా సూది వెయ్యొద్దు నాయనా

నాయనా, కళ్యాణదుర్గం పక్క పోస్టింగ్ వచ్చిందని విన్నాను. సంతోషం. గొర్రెల సీమకు పోతున్నావు కాబట్టి ఒక్క విషయం మాత్రం నీ చెవిన వేస్తాను. యాంటీబయోటిక్ ఎప్పుడు రాయాలో కాలేజీలో బాగానే చెప్పి ఉంటారు. ఎప్పుడు రాయకూడదో మాత్రం మంద ముందు నిలబడి నువ్వే తేల్చుకోవాలి.

వానలు తెరిపిచ్చాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నీ దగ్గరికి ఎక్కువగా వచ్చేది నీలినాలుక. తడి పేడలో, బురదలో పుట్టే సన్న కుట్టుడు దోమలు దాన్ని మోసుకొస్తాయి. ఎనభై గొర్రెల మందలో పదిహేను కుంటుతున్నాయని, మూతులు వాచాయని ఒక కాపరి కబురు చేశాడనుకో. పొద్దున మేతకు తోలకముందే వెళ్లు. మన ఎండలో మధ్యాహ్నం దాకా నడిచొచ్చిన గొర్రెకు జబ్బు లేకపోయినా ఒళ్లు కాలుతుంది, థర్మామీటరు చూసి మోసపోతావు. పొద్దున నీడలో చూసినప్పుడు 105, 106 డిగ్రీలుంటే అది జ్వరమే.

తర్వాత నోరు తెరిచి చూడు, కాలు ఎత్తి చూడు. పెదవులు, చిగుళ్లు ఎర్రబడి వాచి, గిట్ట పైఅంచున చర్మం కలిసేచోట ఎర్రటి గీత కనిపిస్తే నీలినాలుకను అనుమానించు. నోరు శుభ్రంగా ఉండి, గిట్టల సందులో కుళ్లు వాసన వస్తుంటే అది గిట్టకుళ్లు. అది బ్యాక్టీరియా పని, దానికి యాంటీబయోటిక్ కావాలి. కంట్లో పుసి, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, వాటితోపాటు పారుడు కూడా ఉంటే పీపీఆర్ వైపు ఆలోచించు. కుంటే గొర్రెలన్నీ ఒకే జబ్బువి కావు. జ్వరం కొత్తగా వచ్చిన రెండు మూడింటి నుంచి ఈడీటీఏ సీసాల్లో రక్తం తీసి, ఐసు మీద జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపించు.

నీలినాలుక వైరస్ జబ్బు. ఏ యాంటీబయోటిక్కూ దాన్ని తాకదు. ఆ పదిహేనింటికీ ముందు కావలసింది నీడ, నీళ్లు, మెత్తటి మేత. పొటాషియం పర్మాంగనేటు బాగా పల్చగా కలిపి నోరు కడిగించు, పుండ్లకు బోరో గ్లిజరిన్ పూయించు. నొప్పికి, జ్వరానికి మెలాక్సికామ్ ఇవ్వొచ్చు. అయితే నీళ్లు తాగక ఎండిపోయిన గొర్రెకు ముందు నీళ్లు పట్టించాకే ఇవ్వు, లేకుంటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. రాగి అంబలి తాగించమని చెప్పేటప్పుడు ఎలా తాగించాలో చేసి చూపించు. తల పైకెత్తి పట్టి గొంతులో పోస్తే అంబలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీలినాలుకను తట్టుకున్న గొర్రె ఆ పొరపాటుతో చచ్చిపోతుంది.

ఆ పదిహేనింటిలో రెండు నీకు వేరుగా కనిపిస్తాయనుకుందాం. తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కింది, ముక్కు నుంచి చిక్కటి పచ్చటి చీమిడి కారుతోంది, దగ్గు ఉంది, స్టెతస్కోపు పెడితే రొమ్ములో గరగర వినిపిస్తోంది. వైరస్ దెబ్బతీసిన చోట బ్యాక్టీరియా చేరి న్యుమోనియా తెచ్చిందన్నమాట. ఆ రెండింటికే యాంటీబయోటిక్ వెయ్యి. పాత ఆక్సీటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగే చాలు, కిలోకు 20 మిల్లీగ్రాములు. ముప్పై కిలోల గొర్రెకు 600 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములుండే సీసా నుంచి 3 మిల్లీలీటర్లు, కండలోకి లోతుగా. కంటి అంచనాతో బరువు తక్కువగా లెక్కగడితే డోసు తగ్గుతుంది. అరకొర డోసుకు బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. అందుకే జీపులో ఒక స్ప్రింగు త్రాసు పెట్టుకో.

ఆ రెండు గొర్రెలకూ వీపు మీద రంగు గీత వేయించి, మూడోరోజు పొద్దున మళ్లీ వెళ్లు. జ్వరం దిగి, మేత ముడితే మందు పనిచేసినట్టే. దిగకపోతే వెంటనే పెద్ద మందుకు మారొద్దు. అంబలి పొలమారిందా, పురుగులున్నాయా, మొదటి అంచనాయే తప్పా అని చూడు. చచ్చిన గొర్రె ఉంటే ఊపిరితిత్తి ముక్కను ప్రయోగశాలకు పంపి, ఏ మందుకు లొంగుతుందో రిపోర్టు తెప్పించుకో.

అక్కడే నీకు అసలు పరీక్ష ఎదురవుతుంది. ‘ఆ పెద్ద సూది ఎయ్ సారూ, ఒక్కసారికే పోతాది’ అంటాడు కాపరి. ఆయన అడిగేది చాలాసార్లు సెఫ్ట్రయాక్సోన్. మెడికల్ షాపులో దొరుకుతుంది, పొరుగూరి మందకు వేశారని విని ఉంటాడు. నాయనా, సెఫ్ట్రయాక్సోన్, సెఫ్టియోఫర్ లాంటి మూడో తరం, నాలుగో తరం సెఫలోస్పోరిన్లు, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి క్వినోలోన్లు, కొలిస్టిన్ చేరిన పాలీమిక్సిన్లు, ఇవన్నీ మనుషుల వైద్యానికి అత్యంత కీలకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరుగా గుర్తించిన వర్గాలు. ఇందులో కొలిస్టిన్ నీ చేతిలో అసలే ఉండకూడదు. వేరే మందులకు లొంగని క్రిములతో ఐసీయూలో పోరాడే మనిషికి చివరి ఆసరా అది. ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, చేపలకు దాన్ని తయారుచేయడాన్ని, అమ్మడాన్ని, పంపిణీ చేయడాన్ని 2019 జులైలో కేంద్రం నిషేధించింది. కార్బపెనెమ్‌లు మనుషులకే కేటాయించినవి, మన సంచిలో వాటికి చోటు లేదు. మిగిలిన రెండు వర్గాలను మాత్రం పాత మందులు పనిచేయవని రిపోర్టు చెప్పినప్పుడే, ఆ ఒక్క గొర్రెకే వాడు.

మన జిల్లాలో ఈ జాగ్రత్తకు ఇంకో కారణం కూడా ఉంది. రాత్రిళ్లు ఎరువు కోసం రైతులు పొలాల్లో మందలు పెట్టించుకుంటారు కదా. సెఫ్ట్రయాక్సోన్ సూది పడిన గొర్రె పేగుల్లో ఆ మందుకు లొంగే ఈ.కోలై చచ్చి, లొంగనిది మిగులుతుంది. పెంటికలతో అది ఆ చేలో పడుతుంది, వాన నీటితో కుంటకు చేరుతుంది. మంద ఒక ఊళ్లో ఆగదు, మేత వెతుక్కుంటూ ఊళ్లు దాటి పోతుంది. ఆ క్రిమి కాపరి చేతి నుంచి ఆయన ఇంట్లో పసిబిడ్డకు చేరినప్పుడు ఆసుపత్రి డాక్టరుకు అదే సెఫ్ట్రయాక్సోన్ పనికిరాదు. ఈ మాట కాపరికి నెమ్మదిగా చెప్పు. ‘మందు లేదు’ అనకు, ‘ఈ పదమూడింటికీ సూది అక్కర్లేదు, ఎల్లుండి పొద్దున్నే వస్తా’ అను. వస్తానన్నాక తప్పక వెళ్లు. నువ్వు వెళ్లకపోతే ఆయన మెడికల్ షాపుకే పోతాడు.

సూది వేసిన రెండింటినీ ఎప్పటిదాకా అమ్మకూడదో కాపరికి తేదీ చెప్పు. లేబుల్ మీద గడువు ఉంటే అదే పాటించు. గడువును పరీక్షించి తేల్చని మందుకు పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు లేబుల్ మీద రాయాలని 2012లో నిబంధన వచ్చింది. రంగు గీత చెరిగిపోతుంది కాబట్టి చెవిపోగు నంబరు రాసుకో.

వచ్చే ఏడు వానలు మొదలవ్వకముందే ఆ ఊరికి మళ్లీ పోయి నీలినాలుక టీకా వెయ్యి. మన దేశంలో తయారైన టీకాలో అయిదు సెరోటైపులున్నాయి. అంతకుమించి రకాలు తిరుగుతున్నాయి కనుక అది పూర్తి కవచమని హామీ ఇవ్వకు. రాత్రి మందను బురద గుంటలకు దూరంగా ఆపమని కూడా చెప్పు. ఇక నీ రిజిస్టరులో మందు వేసిన గొర్రె పక్కన ఎందుకు వేశావో రాసినట్టే, వెయ్యని గొర్రె పక్కన ఎందుకు వెయ్యలేదో ఒక్క ముక్క రాయి. నీ తర్వాత ఆ కుర్చీలో కూచునే పిల్లవాడికి అది దారి చూపిస్తుంది.