సారాంశంలో పత్రస్థితి: ఒక నైతిక ప్రశ్న

ఒక పత్రానికి సారాంశం రాసే పరిశోధకుడు అందులో ఉన్నదాన్ని చెప్తే చాలునా, లేనిదాన్ని కూడా చెప్పాలా? ఇది పైకి పద్ధతికి సంబంధించిన ప్రశ్నగా కనిపించినా మౌలికంగా నైతిక ప్రశ్న. సారాంశం చదివేవారిలో చాలామంది మూలాన్ని చూడరు. వారికి సారాంశమే మూలానికి బదులుగా నిలుస్తుంది.

నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించి, కవి నన్నయకు పూర్వుడని వాదించారు. కావ్యంలో రచనా సంవత్సరం లేదు. పలువురు పండితులు నన్నెచోడుని 12వ శతాబ్దివాడన్నారు. ఏ పక్షమైనా ఇతర ఆధారాల నుంచి చేసిన నిర్ణయమే. 'ఇది 10వ శతాబ్ది కావ్యం' అని మాత్రమే రాసిన సారాంశంలో సంపాదకుని వాదం కావ్యం చెప్పిన సాక్ష్యంగా మారిపోతుంది.

ఆధునిక పత్రాలలో ఈ మార్పు మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. ఎర్రగడ్డ ఆదివారపు సంతలో కొన్న పాత పుస్తకంలో ఒక ఉత్తరం జిరాక్సు ప్రతి దొరికిందనుకుందాం. రెండు పుటలే ఉన్నాయి. రెండవది వాక్యం మధ్యలో ఆగిపోయింది. తలభాగాన 'ప్లవ, శ్రావణం' అని మాత్రమే ఉంది. చేతిరాత ఒక ప్రసిద్ధ కవిదిగా తోస్తుంది.

'ఉత్తరంపై సంతకం లేదు' అంటే అది సత్యం కాదు. ముగింపు పుటే దొరకలేదు కనుక, 'లభించిన రెండు పుటలలో సంతకం లేదు' అనడమే సరి. మొదటి మాట రచయిత గురించి చెప్తుంది, రెండవది ప్రతి గురించి చెప్తుంది. ప్లవ 1901, 1961, 2021 సంవత్సరాలలో వచ్చింది. ఉత్తరం నెహ్రూను ప్రధానిగా పేర్కొంటే 1961 అని నిర్ణయించవచ్చు. అయితే ఆ అంకెను చదరపు కుండలీకరణాలలో ఉంచి, ఆధారాన్ని పక్కనే చెప్పాలి. ఇక జిరాక్సులో సిరా రంగులు కనిపించవు, అంచున రాసింది తెగిపోయి ఉండవచ్చు, పుట వెనుక ఏముందో తెలియదు. కనుక కొట్టివేతలు, దిద్దుబాట్లు రచయితవేనని ఆ ప్రతిని బట్టి చెప్పలేము.

ఇలా ప్రతిదాన్నీ నమోదు చేస్తే పత్రంపై అనవసరమైన అనుమానం కలుగుతుందన్న ఆక్షేపణ ఉంది. అది నిలవదు. చిత్తుప్రతులపై సంతకం లేకపోవడం సహజమే. లోపాన్ని చెప్పడం పత్రాన్ని తోసిపుచ్చడం కాదు. తన వాదానికి అనుకూలమైన పత్రం స్థితిని దాచి, ప్రతికూలమైన దాని లోపాన్ని మాత్రమే చూపినప్పుడే అన్యాయం జరుగుతుంది. అందువల్ల అన్నిటికీ ఒకే నియమం పాటించాలి.

ఆ నమోదు అధస్సూచికలో ఉంటే సరిపోదు. సారాంశంలోని వాక్యాన్ని ఉదాహరించేవారు దాన్ని వదిలేస్తారు. 'అసంపూర్ణమైన జిరాక్సు ప్రతిని బట్టి' అన్న మాట ఆ వాక్యంలోనే ఉంటే, వాక్యం ఎక్కడికి పోయినా దాని పరిమితి కూడా వెంట వెళ్తుంది.