కృతజ్ఞతల కింద ఏం రాయాలి?

మన పుస్తకాల ముందు పేజీల్లో "సాంకేతిక సహకారం" అనే మాట ఒకటి కనిపిస్తుంటుంది. దాని పక్కన చాలాసార్లు ఒక స్త్రీ పేరు ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. సహకారమంటే ఎవరో చేస్తున్న పనికి పక్కన నిలబడి చేయందించడం. పనంతా ఆ మనిషే చేసినా మనం వాడే మాట అదే. ఎవరైనా మన చిక్కుముడి విప్పిపెట్టినప్పుడు, నలుగురికీ తెలిసేలా రాసే ఆ రెండు మూడు వాక్యాల్లో ఏముంటే న్యాయం? ఇది మర్యాదకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, శ్రమకు సంబంధించిన ప్రశ్న అని నాకనిపిస్తోంది.

మేం కొందరం 1990లలో వచ్చిన స్త్రీల వ్యాసాలను ఒక సంకలనంగా తెస్తున్నాం. అవన్నీ అప్పటి డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్పించాం. చివర్లో పదసూచి తయారుచేస్తుంటే ఒక విచిత్రం ఎదురైంది. "చైతన్యం" అని వెతికితే మూడే చోట్ల దొరుకుతోంది. కంటికేమో దాదాపు ప్రతి వ్యాసంలోనూ ఆ మాట కనిపిస్తోంది. "వైద్యం", "మైత్రి", "పైట" కూడా అంతే. దొరికిన మూడూ మేం కొత్తగా టైపు చేసిన ముందుమాటలోవి. అంటే ఆ పదసూచిని నమ్మి చదివే పరిశోధక విద్యార్థికి, పాతికేళ్ల కిందటి స్త్రీలు చైతన్యం అన్న మాటే వాడలేదని తేలుతుంది!

దీన్ని పట్టుకున్నది మాకు పేజీలు కట్టే ఆవిడ. ఇంట్లోనే పని చేస్తారు, పేజీకింత అని తీసుకుంటారు. ఆమె ముందుగా చేసిన పరీక్ష ఎవరైనా చేయదగ్గది. పాత వ్యాసంలో "చై" తర్వాత కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టారు. ఐత్వం మొత్తం పోయి "చ" మిగలాలి కదా, "చె" మిగిలింది. ముందుమాటలో అదే పని చేస్తే "చ" మిగిలింది. తెరమీద ఒక్కలాగే కనిపిస్తున్న రెండు అక్షరాలు లోపల ఒకటి కాదన్నమాట.

కారణం పాత ఫాంట్ల స్వభావంలో ఉంది. అవి అక్షరాన్ని ధ్వనిగా కాక ఆకారంగా దాచుకునేవి. ఐత్వానికి పైన ఎత్వం లాంటి ముక్క ఒకటి, కింద ఇంకో ముక్క. మార్పిడి చేసిన ప్రోగ్రాం ఆ ముక్కల్ని ముక్కలుగానే తెచ్చింది: ఎత్వానికి U+0C46, కింది ముక్కకు U+0C56. మనం కీబోర్డు మీద కొట్టే ఐత్వమేమో మామూలుగా ఒకే సంకేతం, U+0C48. యూనికోడ్ ఈ రెండు రూపాలూ సమానమేనని ఒప్పుకుంటుంది. కానీ మేం వాడుతున్న వెతికే సాధనానికి ఆ సంగతి పట్టలేదు, సంకేతానికి సంకేతం పోల్చి చూసి లేదు పొమ్మంది. ఆమె పైథాన్‌లో రాసి మొత్తం ఫైళ్ల మీద నడిపింది ఇంతే:

```
import unicodedata
text = unicodedata.normalize("NFC", text)
```

విడి ముక్కలు కలిసి ఒకటయ్యాయి. నడిపేముందు "చై" పొడవు మూడు, తర్వాత రెండు. సరిగా జరిగిందో లేదో ఆ లెక్కతో చూసుకున్నారు. ముందుగా ఫైళ్లన్నిటికీ నకళ్లు తీసిపెట్టారు.

పని ఇక్కడితో అయిపోలేదు. ముక్కలు తిరగబడి, కిందిది ముందు పైది వెనక పడ్డచోట ఈ మంత్రం పారదు. వాటిని వేరుగా వెతికి సరిచేశారు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఉండటానికి కంటికి కనిపించని గుర్తు ఒకటి, U+200C, పెడతాం. అది ఉన్న మాటా లేని మాటా ఇప్పటికీ వేరువేరే. ఇక "మ" పడాల్సినచోట "వు" పడ్డ తప్పుల్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, తెలుగు తెలిసిన కళ్లే చూడాలి. ఆ కళ్లు కూడా ఆమెవే.

మా బృందంలో ఒకరు రాసిన కృతజ్ఞత ఇలా ఉంది: "సాంకేతిక సమస్యను పరిష్కరించి సహకరించిన మిత్రురాలికి ధన్యవాదాలు." మర్యాదగానే ఉంది. సమస్య ఏమిటో లేదు, ఏం చేస్తే పోయిందో లేదు, ఏది పోలేదో అసలే లేదు. రేపు ఇంకో ఊళ్లో ఇదే చిక్కులో పడ్డ సంపాదకురాలికి ఆ వాక్యం వల్ల ఒరిగేదేమీ లేదు. చేసినామె పని ఎంతటిదో చదివినవాళ్లకు అంతకన్నా తెలియదు. ప్రింటరు చెడిపోతే తీగ సరిగా గుచ్చినా ఇదే వాక్యం సరిపోతుంది.

ఈ సందర్భంలో నాకు గుర్తొచ్చేది మార్గరెట్ వూ. జి.ఎ. వాటర్‌సన్ 1975లో 'థియరెటికల్ పాపులేషన్ బయాలజీ' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఒక జనాభాలో జన్యు వైవిధ్యం ఎంతుందో అంచనా కట్టడానికి అందులోని పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. సంఖ్యాపరమైన పనిలో తోడ్పడినందుకు, ముఖ్యంగా ఒక పట్టికను గణించినందుకు వూకు చివర్లో ధన్యవాదాలు చెప్పాడు. రోరి రోల్ఫ్స్, ఎమీలియా వెర్టా-సాంచెజ్ విద్యార్థులతో కలిసి 1970 నుంచి 1990 దాకా ఆ పత్రికలోని కృతజ్ఞతలన్నీ తిరగేసి, 2019లో ఫలితాలు ప్రచురించారు. రచయితల్లో కన్నా, కృతజ్ఞతలు అందుకున్న ప్రోగ్రామర్లలో స్త్రీల నిష్పత్తి చాలా ఎక్కువని తేలింది. వాటర్‌సన్‌ను తిట్టడం తేలికే. ఆయన కనీసం పేరు రాశాడు, ఏ పట్టికో చెప్పాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే నలభై ఏళ్ల తర్వాత వెతికిన వాళ్లకు వూ దొరికేది కాదు. అయినా ఆ లెక్క ఎలా చేసిందో, ఎక్కడ తడబడి ఎలా సరిచేసిందో ఆ వాక్యం చెప్పదు.

మా కృతజ్ఞతలో పేరూ పనీ రెండూ ఉండాలని నేను పట్టుబట్టాను. అడ్డు చెప్పింది ఆమే. "పేరు వద్దు మేడం. పోయినసారి ఒక పుస్తకంలో వేశారు. ఆ తర్వాత ఎంతమంది ఫోన్లు చేశారనీ! ఒక్క ఫైలే కదమ్మా, కాస్త చూసిపెట్టు అని. డబ్బులు అడిగితే పుస్తకంలో పేరేశారుగా అంటారు. ఏం చేశానో మాత్రం పూర్తిగా రాయండి, అప్పుడు ఎవళ్ల ఫైళ్లు వాళ్లే బాగుచేసుకుంటారు."

నాకు జవాబు తోచలేదు. పేరు దక్కకపోవడం స్త్రీలకు జరిగిన అన్యాయమని ఎన్నేళ్లుగానో రాస్తున్నాం, అది నిజమే. కానీ కూలి బదులు పేరు చేతిలో పెట్టడం కూడా మనకు అలవాటేనని ఆమె చెప్పేదాకా ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. పేరు రాయించుకునే హక్కు ఉన్నట్టే వద్దనే హక్కూ ఉండాలి. రాయకపోవడం మా నిర్ణయమైతే అది దాచడం, ఆమె నిర్ణయమైతే కాదు. అందుకే ఈ వ్యాసంలోనూ ఆమె పేరు లేదు. చేసిన పనికి బిల్లు విడిగా ఇచ్చారు, మేం చెల్లించాం.

చివరికి సంకలనంలో అచ్చవుతున్నది ఇది: "పాత ఫాంటు నుంచి మార్చిన ఫైళ్లలో ఐత్వం రెండు ముక్కలుగా పడి, మాటలు వెతికితే దొరకలేదు. మా పేజీలు కట్టినవారు దాన్ని గుర్తించి, NFC రూపంలోకి మార్చి సరిచేశారు. వారి కోరిక మేరకు పేరు ఇవ్వడం లేదు." దీన్ని ఆమెకు పంపితే "సరిచేశారు"కు ముందు "చాలావరకు" అని చేర్చి, కింద ఒక వాక్యం జోడించి తిప్పిపంపారు: "మ, వు తేడాలు ఇంకా ఉండవచ్చు, కనబడితే తెలపండి."